కమిషనర్ కుర్చీ, లెక్కింపు బల్ల

ఎన్నికల సంఘం స్వతంత్రంగా ఉందా లేదా అన్న చర్చ మా కోనసీమలో ఎక్కడ మొదలైనా రెండో మాటకే మనిషి మీదికి పోతుంది. 2020, 2021 సంవత్సరాల్లో ఇది మరీ ఎక్కువైంది. ఒకరు అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్‌ను ఫలానా పార్టీ మనిషి అనేవారు. ఆయన తరువాత ఆ కుర్చీలోకి నీలం సాహ్ని వచ్చేసరికి అవతలివారు అదే మాట తిప్పి అన్నారు. కమిషనర్ మంచివాడా కాదా అన్న ప్రశ్న అనవసరమని నేననను. అయితే బడిపంతులుగా పంచాయతీ ఎన్నికల విధుల్లో, అందులోనూ ఎక్కువగా లెక్కింపు జరిపే స్టేజ్-2 రిటర్నింగ్ అధికారిగా పనిచేసినవాడిగా నాకు కలిగిన అభిప్రాయం వేరు. సంఘం స్వతంత్రత ఎక్కువగా అక్కరకొచ్చేది పోలింగుకు ముందు. ఎన్నిక ఎప్పుడు, ఎవరి నామినేషన్ నిలుస్తుంది, ఏ అధికారి ఎక్కడ ఉంటాడు అన్నవి తేలే దశ అది. లెక్కింపు మీద నమ్మకం మాత్రం కమిషనర్ గుణం మీద కన్నా, ఓడినవాడు తన కళ్లతో సరిచూసుకోగలిగాడా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటం వల్లనే మన వాదనలు ఎటూ తేలవు.

ఈ తేడాను చూపడానికి మన రాష్ట్ర ఎన్నికల సంఘం కథ కన్నా మంచి ఉదాహరణ దేశంలో ఇంకొకటి లేదని నా నమ్మకం.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 243కె అధికరణాన్ని తెచ్చింది. పంచాయతీ ఎన్నికల నిర్వహణ మొత్తాన్ని గవర్నరు నియమించే రాష్ట్ర ఎన్నికల కమిషనర్ చేతిలో పెట్టింది. ఆ కమిషనర్‌ను హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో, అవే కారణాల మీద తప్ప తొలగించకూడదని, నియమించాక అతని సర్వీసు నిబంధనలను అతనికి నష్టం కలిగేలా మార్చకూడదని చెప్పింది. పైపైన చదివితే దిట్టమైన కోటే. కానీ అదే క్లాజు మొదటి భాగంలో, శాసనసభ చేసే చట్టానికి లోబడి సర్వీసు నిబంధనలూ పదవీకాలమూ గవర్నరు రూపొందించే నియమాల ప్రకారం ఉంటాయని రాసి ఉంది. అంటే పైన రెండు అంశాలను ప్రస్తావించి, కింద రక్షణ ఇచ్చేటప్పుడు ఒకదాని పేరే చెప్పారు. పదవీకాలానికి ఆ రక్షణ వర్తిస్తుందా? రాజ్యాంగం నోరు విప్పి చెప్పలేదు. ఉత్తరప్రదేశ్‌లో కమిషనర్ పదవీకాలాన్ని తగ్గించినప్పుడు అలహాబాద్ హైకోర్టు, పదవీకాలం వేరు, సర్వీసు నిబంధనలు వేరు అంటూ ఆ తగ్గింపును సమర్థించింది కూడా.

ఆ సందు ఎంత వెడల్పో 2020లో తెలిసింది. మార్చి 7న స్థానిక ఎన్నికల షెడ్యూలు వచ్చింది. నామినేషన్ల దశలోనే బెదిరింపుల ఆరోపణలు, పత్రాలు లాక్కున్న ఘటనలు, ఏకగ్రీవాల వరద మొదలయ్యాయి. మార్చి 15 ఆదివారం నాడు రమేశ్‌కుమార్ కరోనా కారణంగా ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. ఆ ఉత్తర్వులతోపాటే గుంటూరు, చిత్తూరు కలెక్టర్లను బదిలీ చేయాలని ఆదేశించారు. తమతో మాట మాత్రమైనా చెప్పలేదని ప్రభుత్వం మండిపడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. మార్చి 18న ఆ కోర్టు వాయిదాలో జోక్యం చేసుకోలేదు. అయితే ప్రవర్తనా నియమావళిని ఎత్తివేయమంది, మళ్లీ తేదీలు ఖరారు చేసే ముందు ప్రభుత్వాన్ని సంప్రదించమంది, పోలింగుకు నాలుగు వారాల ముందు నియమావళిని తిరిగి అమలులోకి తెమ్మంది. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, దానితో మరో ఏడాదికి పని పడుతుంది.

ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోని 200వ సెక్షన్‌ను మార్చి, కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. ఐఏఎస్ అధికారులకు బదులు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తిని నియమించాలని అర్హతను మార్చింది. రమేశ్‌కుమార్ 2016లో వచ్చారు కాబట్టి మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఎవరూ ఆయనను తొలగించలేదు, ఆయన కాలమే గతంలోకి జరిగిపోయింది. మరుసటి రోజే మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి వి. కనగరాజ్ బాధ్యతలు తీసుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఆర్డినెన్సులోని అంశాలను విడివిడిగా తీసుకుంటే తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. విశ్రాంత అధికారి కన్నా విశ్రాంత న్యాయమూర్తి మేలని వాదించవచ్చు. మూడేళ్లు చాలని కూడా వాదించవచ్చు. తప్పంతా ఆ సంస్కరణ కుర్చీలో ఉన్న మనిషికి కూడా వర్తించడంలో ఉంది. తరువాత వచ్చే కమిషనర్ నుంచి అమలు అని ఒక్క వాక్యం చేర్చి ఉంటే కోర్టులో నిలబడే అవకాశం ఉండేదేమో. కానీ అప్పుడు ఆర్డినెన్సు అవసరమే ఉండేది కాదు. స్వతంత్ర సంస్థల రూపకల్పన గురించి ఏ చట్టం చదివినా నేను ముందు వెతికేది ఈ వాక్యం కోసమే: మార్పు ఎవరి నుంచి మొదలవుతుంది?

మే 29న హైకోర్టు ఆర్డినెన్సును కొట్టివేసింది. అంత అత్యవసరంగా ఆర్డినెన్సు తేవలసిన పరిస్థితి లేదని, ఉన్న కమిషనర్ కాలాన్ని కత్తిరించడం 243కె రక్షణకు విరుద్ధమని తేల్చింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కమిషనర్ నియామకం గవర్నరు స్వీయ విచక్షణకు చెందినదని, మంత్రివర్గం సిఫార్సు చేయడానికి వీల్లేదని కూడా ఆ తీర్పులో వచ్చింది. దాన్ని పట్టుకుని అడ్వకేట్ జనరల్ మరునాడే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు. 2016లో రమేశ్‌కుమార్ పేరును సిఫార్సు చేసింది కూడా అప్పటి ప్రభుత్వమే కదా, ఈ లెక్కన ఆయన నియామకమూ చెల్లదు కదా అన్నది ఆ ప్రశ్న. రాజకీయ అవసరం కోసం వేసిన ప్రశ్నే అయినా దానిలో పస లేకపోలేదు. నియామకంలో ప్రతిపక్షానికి గాని, న్యాయవ్యవస్థకు గాని పాత్ర లేనప్పుడు, ఏ కమిషనర్ అయినా తనను తెచ్చిన ప్రభుత్వం దిగిపోయిన మరునాటి నుంచి 'పాత ప్రభుత్వం మనిషి' అయిపోతాడు. తొలగింపు దగ్గర ఎన్ని తాళాలు వేసినా, రాక దగ్గర ఒకే తాళంచెవి, అదీ ఒకే చేతిలో ఉంటే ఈ అనుమానం పోదు.

దిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘానికీ ఇదే జబ్బు ఉండేది, వేరే రూపంలో. 1989 అక్టోబరులో, సార్వత్రిక ఎన్నికలకు ముందు, ప్రధాన కమిషనర్ పేరిశాస్త్రి పక్కన మరో ఇద్దరు కమిషనర్లను నియమించారు. ప్రభుత్వం మారాక 1990 జనవరి 1న ఆ రెండు పదవులనూ రద్దు చేశారు. 1993లో అప్పటి ప్రధాన కమిషనర్ శేషన్ దూకుడు భరించలేక మళ్లీ ఇద్దరిని తెచ్చి, ముగ్గురికీ సమాన హోదా ఇచ్చి, మెజారిటీ మాటే చెల్లుతుందన్నారు. ప్రధాన కమిషనర్‌ను తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత పని. పక్కన కుర్చీలు వేయడానికి మాత్రం అంత పని లేదు. 1995లో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును సమర్థించింది. బహుళ సభ్యుల సంఘం మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను, కానీ అది పుట్టిన వేళ మంచిది కాదు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు, ప్రధాని, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కూర్చుని కమిషనర్లను ఎంపిక చేయాలని, పార్లమెంటు చట్టం చేసేవరకు అదే పద్ధతి అని చెప్పింది. ఆ డిసెంబరులో వచ్చిన చట్టం ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ప్రధాని ఎంచుకునే కేంద్రమంత్రిని కూర్చోబెట్టింది. ముగ్గురిలో ఇద్దరు ఒకే వైపు ఉన్న చోట ప్రతిపక్ష నేత చేయగలిగింది అసమ్మతి నోట్ రాయడమే.

మన కథకు తిరిగి వస్తాను. రమేశ్‌కుమార్‌ను తిరిగి నియమిస్తూ ఉత్తర్వు జులై నెలాఖరుకు గాని రాలేదు. అప్పటికి ఆయన పదవీకాలంలో మిగిలింది ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో బయటపడిన విషయం, నా దృష్టిలో, తొలగింపు వివాదం కన్నా పెద్దది. రాష్ట్ర ఎన్నికల సంఘానికి సొంత మనుషులు లేరు. జిల్లాలో కలెక్టరు, మండలంలో ఎంపీడీవో, ఊళ్లో పంచాయతీ కార్యదర్శి, పోలింగ్ కేంద్రంలో మా వంటి పంతుళ్లు, బయట పోలీసులు, అందరూ ప్రభుత్వం జీతమిచ్చేవాళ్లే. కమిషనర్ అడిగితే సిబ్బందిని ఇవ్వాలని 243కె చెబుతుంది. ఇవ్వకపోతే ఏం జరుగుతుందో చెప్పదు. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఖాళీని పూరించే ప్రయత్నం చేసింది. రాష్ట్ర సంఘానికి కేంద్ర సంఘంతో సమానమైన అధికారాలున్నాయని, ప్రభుత్వం సహకరించకపోతే కోర్టుకు రావచ్చని చెప్పింది. కోర్టుకు వెళ్లడమూ ఒక అధికారమేనా అని అడగవచ్చు. 2021 జనవరిలో జరిగింది అక్షరాలా అదే. జనవరి 8న షెడ్యూలు ప్రకటిస్తే 11న సింగిల్ జడ్జి నిలిపివేశారు, 21న డివిజన్ బెంచి అనుమతించింది, 23న నోటిఫికేషన్ వచ్చింది. అధికారులు సమావేశానికి రాలేదు, ఉద్యోగ సంఘాలు కరోనా టీకా వేస్తే తప్ప పనిచేయమన్నాయి. 25న సుప్రీంకోర్టు ప్రభుత్వం వాదననూ ఉద్యోగుల వాదననూ తోసిపుచ్చిన తరువాత గాని యంత్రాంగం కదలలేదు. తేదీలు జరిపి ఫిబ్రవరి 9, 13, 17, 21లలో నాలుగు విడతలుగా పోలింగ్ పెట్టారు. కొత్త ఓటర్ల జాబితా సిద్ధం కాకపోవడంతో 2019 జాబితాతోనే ఎన్నిక జరిగింది. ఆ మధ్యలో పద్దెనిమిదేళ్లు నిండిన లక్షల మంది పిల్లలకు ఓటు లేకుండా పోయింది.

ఇంకో సంగతి కూడా ఈ కోవలోకే వస్తుంది. మా పంచాయతీల గడువు 2018 ఆగస్టులోనే ముగిసింది. అప్పుడు అధికారంలో ఉన్నది వేరే పార్టీ, కమిషనర్ మాత్రం ఈయనే. ఎన్నికలు జరగలేదు, ప్రత్యేక అధికారుల పాలన వచ్చింది. ఒక్కో అధికారి చేతిలో కొన్ని ఊళ్లు. కాలవలు కట్టేసే ముందు మంచినీటి చెరువు నింపించమని అడగడానికి కూడా ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కోవలసి వచ్చేది. అప్పుడు ఊరుకున్న కమిషనర్ ఇప్పుడెందుకు పట్టుబడుతున్నాడని అధికార పక్షం వేసిన ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు కూడా నిర్మాణంలోనే ఉంది. వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. అవి తేలకుండా కమిషనర్ నోటిఫికేషన్ ఇవ్వలేడు. ఎన్నిక వద్దనుకున్న ప్రభుత్వం కమిషనర్‌తో తగవు పడనక్కర్లేదు, రిజర్వేషన్ల ఫైలు తన బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే చాలు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ వెసులుబాటును వదులుకుంటుందని నాకు ఆశ లేదు.

స్వతంత్రత అంటే అదుపులేని అధికారం కాదని కూడా ఆ నెలల్లోనే తెలిసింది. ఫిబ్రవరిలో కమిషనర్ ఒక మంత్రిని ఎన్నికలు ముగిసేవరకు ఇల్లు కదలనివ్వవద్దని డీజీపీని ఆదేశించారు. హైకోర్టు మరునాడే ఆ భాగాన్ని కొట్టివేసింది. 2020లో ఏకగ్రీవమై, గెలిచినట్టు ఫారం-10 అందుకున్నవారి మీద విచారణ జరిపిస్తానని ఆయన పూనుకుంటే, ఫారం ఇచ్చాక ఆ అధికారం సంఘానికి లేదని, ఎన్నికల పిటిషనే మార్గమని కోర్టు చెప్పింది. చట్టం ప్రకారం అది సరైనదే కావచ్చు. ఫలితం ఏమిటంటే, రాష్ట్రంలోని 660 జెడ్పీటీసీల్లో 126 చోట్ల ఒక్క ఓటూ పడకుండా ఫలితం వచ్చింది. వాటిలో నిజంగా ఊరంతా కూడబలుక్కున్నవి ఎన్నో, నామినేషన్ పత్రం చేతిలోంచి లాగేసుకున్నవి ఎన్నో చెప్పగల కాగితం ఎక్కడా లేదు. మా వైపు ఏకగ్రీవమంటే రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చుని, గుడికి ఇంత ఇస్తాననేవాడికి పదవి కట్టబెట్టే మర్యాదస్తుల వేలంపాట కూడా కావచ్చు. దానికీ కాగితం ఉండదు. స్వతంత్ర కమిషన్ లేని లోటు ఊరికి తగిలేది సరిగ్గా ఇలాంటిచోట. ఓటు పడనిచోట లెక్కింపు ఎంత నిజాయితీగా జరిగినా ప్రయోజనమేముంది?

ఇక ఓటు పడిన చోట. అదే 2021 ఫిబ్రవరిలో, కమిషనర్ గురించి రాష్ట్రమంతా రెండుగా చీలిపోయి ఉన్న రోజుల్లో, ఊళ్లలో లెక్కింపు గురించి వచ్చిన తగాదాలు ఆ రాద్ధాంతంతో పోలిస్తే తక్కువే. నేను చూసిన పద్ధతిని వివరిస్తాను. మధ్యాహ్నం మూడున్నరకు పోలింగ్ ముగుస్తుంది. నాలుగింటికి అదే బడిలో లెక్కింపు. పిల్లల బెంచీలు కలిపి బల్లగా వేస్తాం. అవతల అభ్యర్థుల ఏజెంట్లు, ఇవతల మేము. పెట్టె సీలు మీద పొద్దున వాళ్లు పెట్టిన సంతకం వాళ్లకే చూపించి విప్పుతాం. పెట్టెలోని పత్రాల సంఖ్య పోలింగ్ అధికారి రాసిచ్చిన బ్యాలెట్ లెక్కతో సరిపోవాలి. సర్పంచి పత్రాలు, వార్డు సభ్యుల పత్రాలు వేరుచేసి, పాతికేసి చొప్పున కట్టలు కడతాం. తరువాత ఒక్కో పత్రం విప్పి, గుర్తు ఏజెంట్లకు కనబడేలా పట్టుకుని, ఏ అభ్యర్థి అరలో వేయాలో అక్కడ వేస్తాం.

గొడవంతా అనుమానపు పత్రాల దగ్గరే. ఓటరు ఉంగరం గుర్తు మీద ముద్ర వేసి, సిరా ఆరకముందే మడిచాడనుకోండి. విప్పేసరికి కత్తెర గుర్తు మీద కూడా ఒక మచ్చ కనిపిస్తుంది. ఇద్దరికీ వేశాడు, చెల్లదు అని కత్తెర ఏజెంటు లేస్తాడు. మన ముద్రలోని స్వస్తిక్ ఆకారం ఇందుకే పెట్టారు. నేరుగా పడిన ముద్రలో కొసలు ఒకవైపు తిరిగి ఉంటాయి, మడతలో అంటుకున్న మచ్చలో అవి ఎదురువైపు తిరిగి ఉంటాయి. ఏది వేసినదో, ఏది అంటినదో కంటితో చెప్పవచ్చు. పత్రాన్ని పాత మడతల్లోనే మళ్లీ మడిచి చూపిస్తే, మచ్చ సరిగ్గా ముద్ర మీదికి వచ్చి కూర్చుంటుంది. అది చూశాక అరుస్తున్న ఏజెంటు కూడా కూర్చుంటాడు. నా మీద గౌరవం పెరిగి కాదు. నేను ఎవరి మనిషినైనా ఆ కొసలు తిరిగే దిక్కు మారదు కాబట్టి. అప్పటి కమిషనర్ పేరు ఆ బల్ల దగ్గర ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. చీకటి పడ్డాక కరెంటు పోతే, ఏజెంట్లను బయటికి నెట్టేస్తే, పత్రం ఎంత చక్కగా రూపొందించినా లాభం లేదు. పెట్టెలు రాత్రికి రాత్రే తెరవకుండా దాచవలసి వస్తే ఇంకో రకం అనుమానం పుడుతుంది. నీలం సాహ్ని కాలంలో సరిగ్గా అదే జరిగింది. ఆమె 2020 డిసెంబరు 31న రాష్ట్ర ప్రధాన కార్యదర్శిగా రిటైరై, ముఖ్యమంత్రికి ముఖ్య సలహాదారుగా చేరి, 2021 ఏప్రిల్ 1న కమిషనర్ అయ్యారు. దీనికి మూడు వారాల ముందే, మార్చి 12న, గోవా న్యాయశాఖ కార్యదర్శికి కమిషనర్‌గా అదనపు బాధ్యత ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఘాటుగా స్పందించింది, ప్రభుత్వంలో కొలువున్నవారికి ఈ పదవి ఇవ్వకూడదని చెప్పింది. మన నియామకం ఆ తీర్పు అక్షరానికి అడ్డం రాదు, ఆమె అప్పటికి సర్వీసులో లేరు. తీర్పు ఉద్దేశానికి ఎంత దూరంలో ఉందో మాత్రం చదివేవాళ్లే తేల్చుకోవాలి. వచ్చిన రోజే ఆమె ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలకు ఏప్రిల్ 8ని పోలింగ్ తేదీగా ప్రకటించారు. ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది. నాలుగు వారాల నియమావళి అన్న సుప్రీంకోర్టు మాట ఇక్కడ ఎదురుతిరిగింది. సింగిల్ జడ్జి ఆపారు, డివిజన్ బెంచి పోలింగుకు అనుమతించి లెక్కింపును ఆపింది, మే 21న సింగిల్ జడ్జి ఎన్నికనే రద్దు చేశారు, సెప్టెంబరు 16న డివిజన్ బెంచి లెక్కించమంది. 19న పెట్టెలు తెరిచారు. అయిదు నెలలకు పైగా, ఒక వర్షాకాలం మొత్తం, ఓట్లు పెట్టెల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల పత్రాలు తడిసి పాడయ్యాయని వార్తలొచ్చాయి. ఆ ఫలితాలు తప్పని నేననడం లేదు. ఫిబ్రవరిలో మా బల్ల దగ్గర కత్తెర ఏజెంటుకు దొరికిన ఆధారం సెప్టెంబరులో ఓడినవాడికి దొరకలేదు, అంతే అంటున్నాను. సీలు చూసి నమ్మాలి, లేదా నమ్మకూడదు.

కమిషన్‌కూ లెక్కింపుకూ ఉన్న బంధాన్ని ఇంకా స్పష్టంగా చూపే సంఘటన మనకు దూరంగా కెన్యాలో జరిగింది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసింది. ఫలితం ప్రకటించే నాటికి పోలింగ్ కేంద్రాల ఫలిత పత్రాలన్నీ అందుబాటులో లేకపోవడం, వాటిని పంపిన తీరు సరిగా లేకపోవడం ప్రధాన కారణాల్లో ఉన్నాయి. 2022లో సంఘం తీరు మార్చింది. 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాల్లో అధికారి, ఏజెంట్లు సంతకాలు చేసిన ఫారం 34ఎ ఫొటోలను ఎవరైనా చూడగలిగేలా వెబ్‌సైటులో పెట్టింది. పత్రికలు, పార్టీలు, కుర్రాళ్లు ఎవరికివారే కూడుకున్నారు. ఫలితం ప్రకటించే రోజున ఏడుగురు కమిషనర్లలో నలుగురు బయటికి వచ్చి ఈ ఫలితంతో తమకు సంబంధం లేదన్నారు. సంఘంలో మెజారిటీయే కాదన్న ఫలితం నిలబడుతుందా? సెప్టెంబరు 5న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని నిలబెట్టింది. వెబ్‌సైటులోని ఫారాలకూ అసలు కాగితాలకూ తేడా కనబడలేదు, కాదన్న నలుగురూ వేరే లెక్క చూపలేకపోయారు. కమిషన్ చీలిపోయినా లెక్క చీలలేదు.

మన అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో అలాంటి కాగితం లేకపోలేదు. ఫారం 17సి అని, పోలింగ్ ముగిశాక యంత్రంలో ఎన్ని ఓట్లు నమోదయ్యాయో రాసి, ప్రిసైడింగ్ అధికారి ప్రతి ఏజెంటుకూ నకలు ఇస్తాడు. లెక్కింపు రోజున యంత్రం చూపే మొత్తం దీనితో సరిపోవాలి. కానీ అది ఏజెంటు జేబు దాటి ఊరికి అందదు. 2024 మే 13న మన రాష్ట్రంలో సాయంత్రం అయిదు గంటలకు సుమారు 68 శాతం పోలింగ్ అన్నారు, చివరికి పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 శాతం అన్నారు. ఈ తేడా ఎలా వచ్చిందని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. మా ఊళ్లలో సాయంకాలం వరుసలు చూసినవాళ్లకు దానిలో సగం జవాబు తెలుసు. సమయం ముగిసేసరికి వరుసలో ఉన్నవారందరికీ, చివరి మనిషి నుంచి మొదలుపెట్టి, చీటీలు ఇస్తారు. ఆ చీటీలున్నవాళ్ల ఓట్లు ముగిసేసరికి చాలాచోట్ల రాత్రి పొద్దుపోయింది. మిగతా సగం జవాబు 17సి కాగితాల్లోనే ఉంది. వాటిని వెబ్‌సైటులో పెట్టించాలని అడిగితే, అది ఏజెంట్లకే ఇవ్వాల్సినదని, అందరికీ ఇవ్వాలని చట్టంలో లేదని సంఘం సుప్రీంకోర్టులో వాదించింది. మే 24న కోర్టు ఎన్నికల మధ్యలో ఆదేశాలివ్వడానికి నిరాకరించింది. మరునాడు సంఘం అప్పటివరకు జరిగిన విడతలకు నియోజకవర్గాలవారీగా ఓట్ల సంఖ్యలను తానే విడుదల చేసింది. ఇవ్వడానికి అడ్డు లేనిదాన్ని అడిగినప్పుడు ఎందుకు ఇవ్వకూడదో నాకు అర్థం కాలేదు. బలమైన పార్టీకి ప్రతి కేంద్రంలో ఏజెంటు ఉంటాడు, నకళ్లన్నీ కలిపి కూడుకోగలదు. స్వతంత్ర అభ్యర్థి కూడుకోలేడు. ఏ అనుమానం పుట్టినా దానికి సమాధానం పార్టీ ఆఫీసులో ఉండటం, ఎన్నికల సంఘం దగ్గర ఉండి కూడా బయటికి రాకపోవడం, సంఘానికే చేటు.

ఇదంతా మా స్నేహితుడైన ఒక విశ్రాంత ఎంపీడీవోతో అన్నప్పుడు ఆయన తేలిగ్గా కొట్టిపారేశాడు. "మాస్టారూ, చట్టం ఏం రాసినా శేషన్ లాంటివాడు ఒకడుంటే చాలండీ, లేకపోతే మీరు ఎన్ని ఫారాలు వెబ్‌సైటులో పెట్టినా అంతే" అన్నాడు. శేషన్ చేయగలిగినదంతా, ఆయనను ఎవరూ తీసెయ్యలేరన్న ఒక్క నిబంధన దన్నుతో చేసినదే. రాష్ట్ర కమిషనర్‌కు ఆ దన్ను ఉన్నట్టే ఉండి 2020లో ఒక ఆర్డినెన్సుతో ఎగిరిపోయింది. తిరిగి వచ్చేసరికి మూడున్నర నెలలు పట్టింది. మనిషి గట్టివాడు కాబట్టి కోర్టుకు వెళ్లాడు అనవచ్చు, నిజమే. కానీ తరువాతివాడు వెళ్లకపోతే?

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. పంచాయతీరాజ్ చట్టంలో కమిషనర్ పదవీకాలాన్ని మార్చే ఏ సవరణ అయినా ఆ తరువాత నియమితులయ్యేవారికే వర్తిస్తుందని 200వ సెక్షన్‌లో ఒక వాక్యం ఉండాలి. నియామకానికి ముఖ్యమంత్రితోపాటు ప్రతిపక్ష నేత, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూర్చోవాలి. రిటైరైన అధికారి ఆ రాష్ట్ర ప్రభుత్వంలో చివరి కొలువు వదిలాక కొంతకాలం ఈ పదవికి అనర్హుడు కావాలి. రిజర్వేషన్ల ఫైలు గడువుకు ఇన్ని నెలల ముందు తేలకపోతే పాత రిజర్వేషన్లతోనే ఎన్నిక పెట్టే అధికారం కమిషనర్‌కు ఉండాలి. ఈ చివరిదానికి న్యాయపరమైన చిక్కులున్నాయని నాకు తెలుసు. రొటేషన్ తప్పితే దళిత వాడల నుంచి, మహిళల నుంచి రావలసిన సర్పంచికి అన్యాయం జరగవచ్చు, అందువల్ల దీని మీద నేను మొండిపట్టు పట్టను. లెక్కింపు వైపు అడిగేది మాత్రం ఒక్కటే. బడి బల్ల దగ్గర ఆర్వో, ఏజెంట్లు సంతకాలు చేసిన ఫలిత పత్రాన్ని, బ్యాలెట్ లెక్కతో సహా, ఆ రాత్రే ఫొటో తీసి సంఘం వెబ్‌సైటులో పెట్టాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. కమిషనర్ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. ప్రతి ఆర్వో జేబులో ఫోను ఎలాగూ ఉంది.